బంతి కోసం బాంబును వెతికే జాగిలం

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. సొరంగం మొదలు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. లోపలంతా బురద, ఆగని ఊటనీరు, ముక్కలైన తవ్వకపు యంత్రం. ఎక్కడ తవ్వాలో తెలియక సహాయక బృందాలు సతమతమవుతున్నప్పుడు, మార్చి మొదటి వారంలో కేరళ పోలీసుల దగ్గర నుంచి రెండు జాగిలాలను రప్పించారు. వాటి పేర్లు మాయ, మర్ఫీ. రెండూ బెల్జియన్ మలినాయ్ జాతివే. అవి వాసన పట్టి ఆగిన చోట్ల తవ్వకం సాగింది. మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది.

ఆ వార్త చదివినవాళ్ళకు ఒక సందేహం రావడం సహజం. హైదరాబాద్ పక్కనే మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుల జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది. ఇతర రాష్ట్రాల పోలీసులు కూడా తమ కుక్కలను అక్కడికి పంపి తర్ఫీదు ఇప్పించుకుంటారు. అలాంటప్పుడు కేరళ దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది?

ఎందుకంటే పోలీసు జాగిలానికి అన్ని వాసనలూ అందుతాయి గాని, అది మనకు చెప్పేది మాత్రం నేర్పిన వాసన గురించే. బాంబుల కోసం తయారైన కుక్క గంజాయి మూట పక్క నుంచి ఏమీ పట్టనట్టు వెళ్ళిపోతుంది. గంజాయి కుక్కకు జిలెటిన్ కడ్డీతో పనిలేదు. శిథిలాల కింద ప్రాణంతో ఉన్న మనిషిని వెతికే కుక్క వేరు, చనిపోయిన మనిషి వాసన మీద తయారైన కుక్క వేరు. మాయ, మర్ఫీ ఈ చివరి రకానివి. ఇలాంటివి దేశంలోనే బహు కొద్ది. ఆ వాసన నేర్పడానికి కావలసిన నమూనాలు దొరకడమే కష్టం. మృతదేహపు వాసన పేరుతో రసాయనాలు అమ్ముతారు కానీ, కుళ్ళే శరీరం నుంచి వందల రకాల ఆవిర్లు వస్తాయి, అవి రోజురోజుకూ మారతాయి. ఒకటి రెండు రసాయనాలతో నేర్చుకున్న కుక్క అసలు చోట తడబడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బురద కింది వాసన నిటారుగా పైకి రాదు. పగుళ్ళు, నీటి దారులు ఎటుంటే అటు జారి, వీలున్న చోట పైకి తేలుతుంది. కుక్క ఆగేది ఆ తేలిన చోట. శరీరం సరిగ్గా దాని కిందే ఉండాలని లేదు. అందుకే ఒక కుక్క చూపిన చోటును రెండో కుక్క చేత, మొదటిది ఎక్కడ ఆగిందో చెప్పకుండా, మళ్ళీ చూపించి సరిచూసుకోవడం మంచి పద్ధతి.

ఇక ఎంపిక సంగతికి వస్తాను. జాగిలం అనగానే అందరం ముక్కు గురించే మాట్లాడతాం. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50 లక్షల వరకూ ఉంటే, కుక్కలో అవి 20 కోట్లు దాటుతాయి. వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదారు సార్లు గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కన ఉన్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి, ముందున్న వాసన చెదిరిపోదు. ఇదంతా నిజమే. కానీ ఈ ముక్కు మీ వీధి చివర పడుకున్న కుక్కకూ ఉంది. పిల్లలను ఎంచేవాళ్ళు ముక్కుకు పరీక్ష పెట్టడం అరుదు. వాళ్ళు చూసేది, వెతకాలన్న ఆరాటం ఆ పిల్లలో ఎంత ఉందన్నది.

ఆ పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఏడెనిమిది నెలల కుక్కకు బంతి చూపించి కాసేపు ఆడించి, పట్టీ పట్టుకుని నిలిపి, నడుం ఎత్తు గడ్డిలోకి బంతిని విసురుతారు. వెంటనే వదలరు. కుక్కను గిర్రున ఒక చుట్టు తిప్పి, ఒక నిమిషం ఆపి, అప్పుడు వదులుతారు. బంతి పడ్డ చోటు కంటికి గుర్తుండకూడదని ఈ ఏర్పాటు. మామూలు కుక్క పరిగెత్తుకుని వెళ్ళి, అర నిమిషం అటూ ఇటూ తిరిగి, దొరక్కపోతే తోక ఊపుకుంటూ మనిషి దగ్గరికి వచ్చేస్తుంది. పనికొచ్చే కుక్క రాదు. తల దించి, ముక్కు నేలకు ఆనించి, గాలి వాలు చూసుకుంటూ గడ్డిని వరసలు వరసలుగా జల్లెడ పడుతుంది. ఐదు నిమిషాలైనా, ముళ్ళు గుచ్చుకున్నా, పక్కన ఇంకో కుక్క మొరిగినా వదలదు. ఒక్కోసారి పరీక్షకులు బంతి విసిరినట్టు నటించి చేతిలోనే దాచుకుంటారు. అక్కడ లేని బంతి కోసం ఎంతసేపు వెతుకుతుందో చూడటానికి. ఉద్యోగంలో చేరాక రోజుల తరబడి అది చేయబోయేది అదే పని మరి. వంద సూట్‌కేసులు చూస్తే వందింటిలోనూ ఏమీ ఉండదు. నూట ఒకటో దాని దగ్గర కూడా మొదటి దాని దగ్గర ఉన్నంత ఆసక్తి ఉండాలి.

తర్వాత గుండె దిటవు చూస్తారు. నున్నటి గచ్చు మీద, కింద నేల కనిపించే ఇనుప మెట్ల మీద, చీకటి గదిలో నడిపిస్తారు. వెనక నుంచి ఇనుప పళ్ళెం దబ్బున పడేస్తారు. కుక్క ఉలిక్కిపడితే తప్పేం లేదు. ఎంతసేపటికి తేరుకుంది, తేరుకున్నాక ఆ పళ్ళెం దగ్గరికి వెళ్ళి వాసన చూసిందా, లేక మళ్ళీ ఆ మూలకే వెళ్ళనందా అన్నది రాసుకుంటారు. ఒకసారి భయపడ్డ చోటును మరిచిపోలేని కుక్క రైల్వే ప్లాట్‌ఫారం మీద పనిచేయలేదు. దాన్ని కొట్టి, తిట్టి మార్చలేం. ఆ తర్వాత తుంటి ఎముకల ఎక్స్‌రే తీస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం వంశపారంపర్యంగా వచ్చే లోపం. అది ఉంటే ఎంత చురుకైన పిల్లనైనా వదులుకోవాల్సిందే.

ఇన్ని వడపోతలు దాటి శిక్షణలో చేరిన వాటిలోనూ దాదాపు సగం మధ్యలో తప్పుకుంటాయన్నది చాలా దేశాల అనుభవం. తప్పుకున్నవి చెడ్డ కుక్కలు కావు. చాలావరకు అవి ఇంట్లో పెంచుకోవడానికి హాయైన కుక్కలు. ఇటువైపు నెగ్గినవేమో ఇంట్లో పెట్టుకుంటే సోఫా చింపేసి, గోడ గీకి, యజమానిని నిద్రపోనివ్వని రకం. ఆ తిక్కకు ఒక పని దొరికితే ఏమవుతుందో పోలీసు జాగిలం చూపిస్తుంది.

జాతి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లాబ్రడార్లను ఎక్కువగా వాడటానికి వాటి తిండి యావ ఒక కారణం. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ జాతి కుక్కల్లో దాదాపు పావు వంతుకు ఒక జన్యువులో చిన్న ముక్క లేదని కనుక్కున్నారు. ఆ ముక్క లేని కుక్కకు కడుపు నిండిన తృప్తి సరిగా కలగదు. వికలాంగులకు తోడుగా ఉండటానికి తర్ఫీదు పొందిన లాబ్రడార్లలో ఆ లోపం ఇంకా చాలా ఎక్కువ శాతం కనిపించింది. తిండి కోసం ఏ పనైనా నేర్చుకునే కుక్కలే ఎంపికలో నిలుస్తూ వచ్చాయన్నమాట. మలినాయ్‌కి తిండి అంత పట్టదు, దానికి కావలసింది నోట కరిచి లాగే ఆట వస్తువు. తేలికైన ఒళ్ళు, అలసట తెలియని తీరు వల్ల అడవుల్లో తిరిగే బలగాలు దాన్ని ఎక్కువ కోరుకుంటున్నాయి. జాతి పేరు చూసి కుక్కను తీసుకోవడం మాత్రం పొరపాటు. 2019లో ఉత్తరాఖండ్ పోలీసులు ఒక వీధికుక్క పిల్లకు తర్ఫీదు ఇచ్చి తమ దళంలో చేర్చుకున్నారు. మంచి జాతిలో ఆరాటం ఉన్న పిల్ల దొరికే అవకాశం ఎక్కువ, అంతవరకే.

మొయినాబాద్‌లో గాని, ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి బెటాలియన్ దగ్గర గాని, తర్ఫీదు పొందేది కుక్క ఒక్కటే కాదు. హ్యాండ్లర్ కూడా దానితో పాటే నేర్చుకుంటాడు. సాధారణంగా ఒక్కో జాగిలానికి ఇద్దరు హ్యాండ్లర్లు ఉంటారు, ఒకరు సెలవు పెడితే పని ఆగకూడదు కదా. మొత్తం శిక్షణ దాదాపు ఎనిమిది నెలలు. మొదటి కొన్ని వారాలు కూర్చో, లే, ఆగు, రా అన్నవే. తిండి పెట్టడం, ఒళ్ళు దువ్వడం, దొడ్డి కడగడం అన్నీ హ్యాండ్లరే చేస్తాడు. ఆ కుక్కకు కడుపు ఎప్పుడు బాగాలేదో, ఎప్పుడు అలిగిందో అతనికి తెలిసే వరకూ వాసన జోలికి పోరు.

బాంబులు వెతికే కుక్కనే తీసుకుని, వాసన ఎలా నేర్పుతారో చూద్దాం. ఒకేలాంటి ఆరు డబ్బాలను వరసగా పెడతారు. మూతకు చిన్న రంధ్రం ఉంటుంది. ఒక డబ్బాలో పేలుడు పదార్థపు నమూనా ఉంటుంది, మిగతావి ఖాళీ. హ్యాండ్లర్ కుక్కను వరస వెంట నడిపిస్తాడు. కుక్కకు ఆ వాసనకు అర్థం తెలియదు. వింతగా ఉంది కాబట్టి ఆ డబ్బా దగ్గర ముక్కు ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. ఆ క్షణంలోనే, సరిగ్గా ఆ డబ్బా దగ్గరే, దానికి ప్రాణమైన బంతి వచ్చి పడుతుంది. రెండు నిమిషాలు ఆట. మళ్ళీ డబ్బాల చోటు మార్చి మొదటి నుంచి. కొన్ని రోజుల్లో కుక్కకు లెక్క అర్థమవుతుంది. ఈ వాసన ఎక్కడుంటే బంతి అక్కడుంటుంది. అప్పటి నుంచి అది బాంబు కోసం వెతకదు, బంతి కోసం వెతుకుతుంది. దాని దృష్టిలో ప్రపంచంలో ఉన్న ఆర్‌డీఎక్స్ అంతా ఆటకు పిలుపు.

ఆ తర్వాత బంతి ఇవ్వడం కాస్త ఆలస్యం చేస్తారు. కుక్క వాసన దగ్గర ఆగి, ఏదీ బంతి అన్నట్టు చూస్తుంది. కూర్చోమంటారు. కూర్చోగానే బంతి. అలా, వాసన దొరికితే కూర్చుని కదలకుండా చూడటం అలవాటవుతుంది. బాంబు దగ్గర గీకడం, మొరగడం, నోటితో పట్టుకోవడం ప్రాణాంతకం కనుక ఈ పద్ధతి. ఒక పదార్థం వచ్చాక రెండోది, తర్వాత మూడోది. డబ్బాల నుంచి గదికి, గది నుంచి కారుకు, బస్సుకు, సభావేదికకు, మట్టిరోడ్డుకు మారుస్తారు. పరిమాణం కూడా మారుస్తూ పోవాలి. చిన్న చిన్న నమూనాల మీదే నేర్చుకున్న కుక్క ఒక్కసారిగా కిలోల కొద్దీ సరుకు ఉన్న గదిలోకి వెళ్తే అయోమయంలో పడుతుంది. వాసన గదంతా నిండిపోయి, ఎటు నుంచి వస్తోందో తెలియక, కూర్చోకుండా తిరుగుతూనే ఉంటుంది. తెలియని హ్యాండ్లర్ దాన్ని చూసి ఏమీ లేదనుకుంటాడు.

ఎంత పకడ్బందీగా నేర్పినా దొర్లే ఒక తప్పు ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనం నేర్పామనుకున్నది ఒకటి, కుక్క నేర్చుకున్నది ఒకటి కావచ్చు. ఆర్‌డీఎక్స్‌నే తీసుకోండి. అది దాదాపు ఆవిరి కాదు. దాన్ని తయారుచేసేటప్పుడు వాడే ద్రావకం ఆనవాళ్ళు అందులో మిగిలి ఉంటాయి, కుక్క ముక్కుకు ఎక్కువగా తగిలేది ఆ ద్రావకపు వాసన. కొకైన్ విషయంలోనూ అంతే. అందులోంచి వచ్చే మిథైల్ బెంజోయేట్ అనే పదార్థాన్ని పట్టి కుక్క దాన్ని గుర్తిస్తుంది. ఒకే చోట తయారైన నమూనాల మీదే నేర్పితే, వేరే చోట తయారైన సరుకును వదిలేసే ప్రమాదం ఉంది.

ఇంకా మామూలుగా జరిగే తప్పు ప్లాస్టిక్ కవరుతో వస్తుంది. నమూనాను ఎప్పుడూ ఒకే రకం కవరులో పెట్టి, ఎప్పుడూ ఒకే రకం రబ్బరు తొడుగులు వేసుకుని దాచారనుకోండి. ఖాళీ డబ్బాల్లో కవరు లేదు, తొడుగు తగల్లేదు. కుక్కకు సులువైన దారి దొరికింది. కవరు వాసన ఉన్న డబ్బా దగ్గర కూర్చుంటే చాలు. శిక్షణ గదిలో అది నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. బయటికి వెళ్ళాక కొత్త కవరు ఉన్న ప్రతి సంచీ దగ్గరా కూర్చుంటుంది, అసలు సరుకును వదిలేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి ఒకటే మార్గం. ఖాళీ డబ్బాల్లోనూ అదే కవరు, అదే తొడుగు తాకిన గుడ్డ, అదే టేపు పెట్టాలి. కుక్క వాటి దగ్గర ఆగితే బంతి ఇవ్వకూడదు. నమూనాలను విడివిడిగా, గాలి చొరని సీసాల్లో దాచడం కూడా ఇందుకే. అన్నీ ఒకే పెట్టెలో పెడితే కొన్ని వారాల్లో అన్నింటికీ ఒకే కలగాపులగపు వాసన పడుతుంది.

రెండో తప్పు కుక్కది కాదు, పట్టీకి ఇవతలి కొసన ఉన్న మనిషిది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు పేలుడు పదార్థాలు, మాదకద్రవ్యాలు వెతకడంలో ధ్రువపత్రాలున్న 18 జోడీలను, అంటే కుక్క, దాని హ్యాండ్లర్‌ను కలిపి, ఒక చర్చికి రప్పించారు. గదుల్లో సరుకు ఉండొచ్చని, కొన్ని చోట్ల ఎర్ర కాగితం దానికి గుర్తుగా ఉంటుందని హ్యాండ్లర్లకు చెప్పారు. నిజానికి ఏ గదిలోనూ ఏమీ పెట్టలేదు. సరైన జవాబు ఒక్కటే, ఎక్కడా ఏమీ లేదన్నది. మొత్తం 144 సోదాలు జరిగితే, కుక్క ఏదో పట్టిందని హ్యాండ్లర్ ఒక్కసారి కూడా చెప్పనివి 21 మాత్రమే. ఎర్ర కాగితం ఉన్న చోట్ల ఆ మాట మరీ ఎక్కువగా వినిపించింది. కాగితం అర్థం కుక్కకు తెలియదు, మనిషికి తెలుసు. కుక్క నిజంగానే కూర్చుందా, లేక కూర్చోబోతోందని హ్యాండ్లర్‌కు అనిపించిందా అన్నది ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. ఏదైనా నష్టం ఒకటే.

ఇది ఎలా జరుగుతుందో హ్యాండ్లర్లకు తెలుసు. తనకు అనుమానం ఉన్న సంచీ దగ్గరికి రాగానే నడక కాస్త నెమ్మదిస్తుంది, పట్టీ బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది. కుక్క రోజంతా ఆ మనిషినే చదువుతుంటుంది. అతను ఆగిన చోట కూర్చుంటే మెచ్చుకోలు దొరుకుతుందని ఒకసారి తెలిస్తే చాలు, ముక్కుతో పని తగ్గించేస్తుంది. అందుకే హ్యాండ్లర్‌కు జవాబు తెలిసిన పరీక్ష పరీక్షే కాదంటాను నేను. సరుకు ఎక్కడ దాచారో హ్యాండ్లర్‌కు తెలియకూడదు. దాచినవాడు గదిలో ఉండకూడదు, వాడి కళ్ళు కూడా కుక్కకు జవాబు చెప్తాయి. ఏమీ దాచని గదులు కూడా పరీక్షలో కలవాలి. ఖాళీ గదిని ఖాళీ అని చెప్పగలిగిన జోడీనే నమ్మాలి. తప్పులను కూడా పుస్తకంలో రాసే హ్యాండ్లర్ కుక్క నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది. గెలుపులు మాత్రమే రాసే పుస్తకం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

నేరం జరిగిన చోట మనకు కనిపించే కుక్కది వేరే విద్య. దొంగ వదిలిన చెప్పు, తువ్వాలు వాసన చూసి, అతను నడిచిన దారి పట్టుకుని వెళ్ళే ట్రాకర్ అది. జాగిలం బస్టాండ్ దాకా వెళ్ళి ఆగిపోయిందని పేపర్లో తరచూ చదువుతుంటాం. మనిషి నడిచిన చోట అతని చర్మపు పొలుసులు రాలతాయి, కాలి కింద గడ్డి, మట్టి నలిగి వేరే వాసన వస్తుంది. ఈ రెండూ కలిస్తేనే దారి. బండి ఎక్కితే దారి తెగిపోతుంది. తడి మట్టి మీద గంటల తరబడి నిలిచే వాసన మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు మీద చాలా త్వరగా పోతుంది. జాగిలం రాకముందే ఇరుగుపొరుగు, బంధువులు, విలేకరులు ఇల్లంతా తొక్కేస్తే పదుల కొద్దీ దారులు ఒకదాని మీద ఒకటి పడతాయి.

న్యాయస్థానాలు కూడా ఈ పరిమితిని గుర్తించాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2001లో సుప్రీంకోర్టు, జాగిలం చూపిన ఆధారంలో స్వతహాగానే బలహీనతలు ఉన్నాయంది. కుక్క పొరబడవచ్చు, దాన్ని నడిపేవాడు పొరబడవచ్చు, కుక్క తీరును తప్పుగా అర్థం చేసుకోవచ్చు, కుక్కను సాక్షిగా ప్రశ్నించడం కుదరదు. దర్యాప్తు ఎటు వెళ్ళాలో చెప్పడానికి జాగిలం పనికొస్తుంది, శిక్ష వేయడానికి అది ఒక్కటే చాలదు. ఈ మాట నాకు పూర్తిగా సబబుగా తోస్తుంది. కుక్క ఎవరి ముందో ఆగిందని ఆ మనిషిని ఊరంతా దొంగను చేయడం ఘోరం.

మన వాతావరణం ఇంకో అడ్డంకి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. ఒగరుస్తున్నంతసేపూ గాలి నోటితో ఆడుతుంది కాబట్టి ముక్కుతో వాసన చూడటం సరిగా సాగదు. వేసవి మధ్యాహ్నం జాగిలం నడుస్తూనే ఉండొచ్చు, కానీ వెతకడం ఆపేసి ఉంటుంది. నోరు తెరుచుకుని, తల ఎత్తి నడుస్తున్న కుక్క వెతకడం లేదన్నది ఎవరైనా పట్టగలిగే గుర్తు. ఇరవై, ముప్పై నిమిషాల సోదా తర్వాత నీడ, నీళ్ళు, విశ్రాంతి ఇవ్వాలి, లేదా రెండో కుక్కను దింపాలి. పెద్ద నాయకుడి సభకు ఒకే జాగిలాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పితే ఆ తనిఖీకి విలువ లేదు.

అడవిలో ప్రమాదాలు వేరు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మందుపాతరల కోసం వెతుకుతున్న సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో మీద తేనెటీగలు దాడి చేశాయి. హ్యాండ్లర్లు ప్లాస్టిక్ పట్టా కప్పి కాపాడబోయారు. ఈగలు లోపలికి దూరాయి. ఆ రెండేళ్ళ ఆడ మలినాయ్‌కి దాదాపు 200 కుట్లు పడ్డాయి. చికిత్సకు తరలిస్తుండగానే ప్రాణం పోయింది. బెంగళూరు దగ్గర తరలులో ఉన్న బలగం సొంత కేంద్రంలో తర్ఫీదు పొందిన కుక్క అది.

ప్రాణంతో మిగిలినవి ఎనిమిది నుంచి పదేళ్ళ వయసు మధ్య విరమిస్తాయి. ముక్కు కన్నా ముందు కీళ్ళు పోతాయి. జీపులోకి ఎగరడానికి తటపటాయించడం, మెట్లు దిగేటప్పుడు వెనక కాళ్ళు కలిపి దూకడం, కూర్చోవాల్సిన చోట సగం కూర్చుని లేవడం మొదటి లక్షణాలు. చివరిది పనికి కూడా సంబంధించినది. వాసన దొరికినా, కూర్చుంటే తుంటి నొప్పి పుడుతుంది కనుక కుక్క కూర్చోదు. హ్యాండ్లర్ దాన్ని అశ్రద్ధ అనుకుంటే కుక్కకూ అన్యాయం, దాన్ని నమ్ముకున్న జనానికీ ప్రమాదం.

విరమించాక ఏమవుతుందన్నది చాలాకాలం చెప్పుకోవడానికి బాధగా ఉండే విషయం. మన సైన్యంలో సేవకు పనికిరాని కుక్కలకు సుఖమరణం కలిగించేవారు. 2015లో ఆ సంగతి బయటపడి, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక విధానం మారింది, దత్తతకు దారి తెరుచుకుంది. అమెరికాలోనూ 2000 సంవత్సరంలో రాబీ అనే మలినాయ్ పేరు మీద చట్టం వచ్చే వరకూ సైనిక జాగిలాలను ఇళ్ళకు ఇచ్చేవారు కాదు. 2019లో కేరళ పోలీసులు త్రిశ్శూరులోని తమ అకాడమీలో విరమించిన జాగిలాలకు విశ్రాంతి గృహం కట్టారు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ మెట్రోలో పనిచేసిన ఏడు జాగిలాలను సీఐఎస్ఎఫ్ వేడుకగా సాగనంపి ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. నా దృష్టిలో అన్నింటికన్నా మంచి ఏర్పాటు, ఆ కుక్కను ఆరేడేళ్ళు తిప్పిన హ్యాండ్లర్‌కే మొదటి అవకాశం ఇచ్చి, దాని మందుల ఖర్చు శాఖ భరించడం. కానిస్టేబుల్ జీతంలో ముసలి కుక్క కీళ్ళ మందులు చిన్న ఖర్చు కాదు.

ఇలాంటి కుక్కను దత్తత తీసుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే ముందే కొన్ని తెలుసుకోండి. అది పెంపుడు కుక్కగా ఎప్పుడూ బతకలేదు. దొడ్డి, జీపు, మైదానం తప్ప వంటిల్లు, మిక్సీ, టీవీ దానికి కొత్త. మన ఇళ్ళలోని నున్నటి టైల్స్ మీద దాని వెనక కాళ్ళు జారతాయి, తిరిగే దారంతా గోనెపట్టాలో, రబ్బరు చాపలో పరచండి. ఒళ్ళు పెరగనివ్వకండి, ప్రతి అదనపు కిలో ఆ తుంటి మీదే పడుతుంది. నేర్పిన వాసన దాని తలలోంచి పోదు. ఎప్పుడైనా మీ ఇంటికొచ్చిన చుట్టం సంచీ దగ్గర చటుక్కున కూర్చుని మీ వైపు చూస్తే కంగారు పడి అరవకండి, దాని పని అది చేస్తోంది. అన్నింటికన్నా ముఖ్యం, విశ్రాంతి అంటే ఊరకే పడుకోబెట్టడం కాదు. బంతి కోసం వెతకడం తప్ప వేరే బతుకు తెలియని ప్రాణి అది. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున, ఒక బంతిని తలుపు వెనకో పూలకుండీ చాటునో దాచి వెతకమనండి. దొరికినప్పుడు కాసేపు దానితో ఆడండి.